ఈ ఫోటో ఎక్కడిది? సర్వేయర్ సారు, మూడు దారాలు

ఈ ఎపిసోడ్‌లో నేను మాట్లాడేది తక్కువ, ఒక పెద్దాయన మాట్లాడింది ఎక్కువ. ఆయన రిటైర్డ్ సర్వేయర్. ల్యాండ్ రికార్డ్స్‌లో ముప్పై ఏళ్ళకు పైగా గొలుసు పట్టుకుని పొలాలు కొలిచిన మనిషి. మొన్న పటాన్‌చెరు, సంగారెడ్డి మధ్య ఒక ఊళ్ళో సాయంత్రం పూట బొడ్రాయి దగ్గర జనం కూర్చున్నారు. ఆయన్ను పిలిపించి ఒక ఫోటో చూపించి, "సారూ, ఇది ఎక్కడిదో తేల్చి చెప్పు" అన్నారు. ఆయన గంటన్నర మాట్లాడాడు. నేను కెమెరా పెట్టుకుని ఒక మూల నిలబడ్డాను.

ఊరి పేరు చెప్పను. ఆ ఫోటో కూడా మీకు చూపించను. ఎందుకో మీకే తెలుస్తుంది. నేను చెప్పబోయే గుర్తుల్లో కూడా రెండు మూడు కావాలనే మార్చాను. లెక్కలు మాత్రం మార్చలేదు.

ముందు సంగతి ఏమిటో చెప్తాను. పటాన్‌చెరు బెల్ట్ గురించి తెలిసినవాళ్ళకు నక్కవాగు పేరు చెప్పక్కర్లేదు. 1970లలో ఫ్యాక్టరీలు మొదలైనప్పటి నుంచి ఆ వాగులోకి ఏమేం వచ్చి కలిశాయో, ఆ వాగు వెళ్ళి మంజీరలో ఎలా కలుస్తుందో, ఆ కేసు 1990లో సుప్రీంకోర్టు దాకా ఎలా పోయిందో, అదంతా వేరే ఎపిసోడ్. ఇప్పుడు మన కథ ఆ వాగులో కలిసే ఒక చిన్న కాలువ గురించి. పోయిన డిసెంబర్‌లో ఎవరో ఒక ట్యాంకర్ తెచ్చి, వాల్వ్ తిప్పి, ఏదో కాలువలోకి వదిలారు. కింద పది, పన్నెండు ఎకరాల్లో యాసంగి నారు ఎండిపోయింది. ఒకరు ఫోన్‌లో ఫోటో తీశారు. అది వాట్సాప్‌లో మూడు నాలుగు చేతులు మారి ఊరి గ్రూపులోకి వచ్చింది.

ఊరివాళ్ళు ఫిర్యాదు పెట్టారు. ఆ కాలువే రెండు ఊళ్ళకు పొలిమేర. అటు అడిగితే ఇటు ఊరిది అన్నారు, ఇటు అడిగితే అటు ఊరిది అన్నారు. ఇంకో చిక్కు ఏమిటంటే, ఫిర్యాదుతో పాటు ఎవరో ఉత్సాహవంతుడు ఇంకో ఫోటో కూడా జతచేశాడు. తెల్లటి నురగ రోడ్డు మీదికి పొంగుకొచ్చిన ఫోటో. దాన్ని చూసి ఒక అధికారి నవ్వి, "ఇది మన దగ్గరిది కాదు, మరి రెండోది మాత్రం మీ దగ్గరిదేనని నమ్మకం ఏమిటి?" అని అడిగాడట. అక్కడితో ఫైలు ఆగిపోయింది.

సారు మొదట ఆ నురగ ఫోటోనే తీసుకున్నాడు. గోడకు కట్టిన తెల్ల పంచె మీద ప్రొజెక్టర్‌తో వేయించి, ఒక పదో తరగతి పిల్లను ముందుకు పిలిచాడు.

"బిడ్డా, నురగ జూడకు. నురగ ఎక్కడైనా నురగే. పక్కన బోర్డు జూడు."

పక్కన దుకాణం బోర్డు సగం కట్ అయి ఉంది. మూడు అక్షరాలు మాత్రం కనిపిస్తున్నాయి. చూడగానే తెలుగే అనుకుంటాం. ఆ అమ్మాయి కూడా తెలుగే అంది. సారు పెద్దది చేయించి తలకట్టు చూపించాడు. మన తలకట్టు టిక్కు మార్కులా పైకి లేస్తుంది. కన్నడ తలకట్టు అడ్డంగా పడుకుని చివర్లో వంపు తిరుగుతుంది. అంటే బోర్డు కన్నడది.

ఇక్కడ నేనైతే ఆగిపోయేవాణ్ణి. కన్నడ బోర్డు, కర్ణాటక, అయిపోయింది అని. సారు ఆగలేదు. "మనకు బీదర్ ఎంత దూరం? జహీరాబాద్ దాటితే కన్నడ బోర్డులు మస్తు కనబడ్తయ్. బోర్డు ఒక్కటే జాలదు" అన్నాడు. తర్వాత బండ్ల నంబర్లు. ఒక కారు నంబర్ ఎక్కడిదైనా కావచ్చు, బండి తిరిగేదే కదా. కానీ ఫోటోలో చదవగలిగిన నాలుగు నంబర్లలో నాలుగూ కేఏ 53. బీదర్ బండి అయితే కేఏ 38 ఉంటుంది. 53 బెంగళూరు తూర్పు వైపు, కేఆర్ పురం ఆఫీసుది. నురగ రోడ్డు మీదికి రావడం, వెనక వరసగా అపార్ట్‌మెంట్లు, కేఏ 53. బెళ్ళందూరు, వర్తూరు చెరువుల దగ్గర 2015 నుంచి ఇలాంటి ఫోటోలు దేశమంతా తిరిగాయి. ఇది ఆ చుట్టుపక్కలదే అని తేల్చాడు.

దీని మీద పదిహేను నిమిషాలు ఎందుకు ఖర్చు పెట్టాడో నాకు తర్వాత అర్థమైంది. ఆయన ఆ జనానికి ఒక అలవాటు నేర్పుతున్నాడు. "ఇది మన ఊరే" అని రుజువు చేయడానికి గుర్తులు వెతికితే ప్రతి ఫోటోలోనూ దొరుకుతాయి. "ఇది మన ఊరు కాకపోతే ఏం కనిపించాలి?" అని ముందు వెతకాలి. తర్వాత అసలు ఫోటోకు కూడా అదే పరీక్ష పెట్టాడు.

ఇక రెండో ఫోటో. ఏముందో చెప్తాను. ముందు కాలువ, దాని మీద చిన్న కల్వర్టు. కల్వర్టు దగ్గర ట్యాంకర్, దాని వెనక వాల్వ్ దగ్గర ఒక మనిషి. నంబర్ ప్లేటు మీద బురద పూశారు, చదవలేం. వెనకాల కంది చేను, దాని వెనక నీలం రేకుల షెడ్డు, ఒక ఇంటి కప్పు, హైటెన్షన్ టవర్లు, ఒక చిమ్నీ, ఒక నీళ్ళ ట్యాంకు, కుడి చివర బండరాళ్ళ గుట్ట. అంతే.

మీలో కొందరికి వెంటనే వచ్చే డౌట్, ఫోటోలోనే లొకేషన్ ఉంటుంది కదా? ఉంటుంది. ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేసి ఉంటే ఫోటో ఫైల్లోనే అక్షాంశం, రేఖాంశం, టైమ్ రాసి ఉంటాయి. కానీ వాట్సాప్‌లో మామూలుగా ఫోటోగా పంపితే అవన్నీ తీసేసి, సైజు తగ్గించి పంపుతుంది. డాక్యుమెంట్‌గా పంపితేనే అసలు ఫైలు అలాగే వెళ్తుంది. ఇక్కడ ఫోటో మూడు చేతులు మారింది, ఏమీ మిగల్లేదు. మరి తీసినవాళ్ళనే అడగొచ్చు కదా అంటారా? తీసింది ఎవరో ఊళ్ళో కొందరికి తెలుసు. ఆ మనిషి పేరు బయటికి రావద్దు అన్నారు. ట్యాంకర్లు నడిపేవాళ్ళతో గొడవ ఎవరికి కావాలి? అందుకే ఫోటోనే సాక్ష్యం చెప్పాలి, మనిషి చెప్పకూడదు.

సారు ముందు నేల చూపించాడు. కంది చేను దగ్గర మట్టి నల్లగా ఉంది, కల్వర్టు పక్క గట్టు ఎర్రగా ఉంది. ఒకే ఫోటోలో రెండు మట్టులు. మన దగ్గర ఇది మామూలే. పటాన్‌చెరులో ఇక్రిశాట్‌ను 1972లో పెట్టినప్పుడు ఈ చోటును ఎంచుకోవడానికి ఒక కారణం అదే. ఎర్ర చల్క, నల్ల రేగడి రెండూ పక్కపక్కనే ఒకే క్యాంపస్‌లో దొరికాయి. ఇంకొంచెం పడమరకు, సదాశివపేట దాటి పోతుంటే గుండ్లు తగ్గిపోతాయి, రేగడి పెరుగుతుంది. జహీరాబాద్ దగ్గర మళ్ళీ ఎర్రబడుతుంది గానీ అది వేరే ఎరుపు, చిల్లులు చిల్లులుగా ఉండే జేగురు రాయి. ఈ ఫోటోలో రెండు మట్టులూ, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే గ్రానైట్ గుండ్లూ ఉన్నాయి. "గింతవరకు మనకు తెలిసింది ఏంది? ఇది మన దిక్కుది కావచ్చు. గంతే. గిసుంటివి హైదరాబాద్ చుట్టు వెయ్యి జాగలున్నయ్" అన్నాడు.

తర్వాత నీడ. నాకు బాగా నచ్చిన భాగం ఇదే, కాస్త ఓపిగ్గా వినండి.

వాల్వ్ దగ్గరున్న మనిషి నీడ రోడ్డు మీద కుడి నుంచి ఎడమకు, ఫోటోకు అడ్డంగా పడింది. మనిషి ఎత్తుకు సరిగ్గా రెట్టింపు పొడవుంది. నీడ ఇలా అడ్డంగా పడితేనే ఫోటో మీద స్కేలు పెట్టి కొలవచ్చు. మన వైపుకో, మన నుంచి దూరంగానో పడితే అసలు పొడవు కన్నా కురచగా కనిపిస్తుంది, ఆ లెక్క తప్పుతుంది. ఇక్కడ మన అదృష్టం, అడ్డంగా పడింది.

నీడ రెట్టింపు ఉందంటే సూర్యుడు నేల నుంచి సుమారు 26, 27 డిగ్రీల ఎత్తులో ఉన్నాడు. మన అక్షాంశం పదిహేడున్నర డిగ్రీలు. డిసెంబర్ మూడో వారంలో మనకు మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 49 డిగ్రీలకు మించి ఎక్కడు, దక్షిణం వైపు వాలి ఉంటాడు. పైగా మన మధ్యాహ్నం గడియారంలో 12కు రాదు. మన టైమ్ 82న్నర డిగ్రీల రేఖది, మనమేమో 78 దగ్గర ఉన్నాం. ఒక్కో డిగ్రీకి 4 నిమిషాల చొప్పున మనకు ఆలస్యం. డిసెంబర్‌లో మన నడినెత్తి వేళ 12 గంటల 15 నిమిషాల ప్రాంతం. ఇవన్నీ వేసి లెక్క కడితే ఆ నీడ పడేది రెండుసార్లే. పొద్దున దాదాపు 9 గంటలకు, లేదా మధ్యాహ్నం మూడున్నరకు.

డిసెంబర్ అని ఎలా నమ్మాలి? ఎవరో చెప్పారు అంతే కదా? కంది చేను చూడమన్నాడు. పూత ఇంకా ఉంది, కింది కొమ్మలకు కాయ పట్టింది. కోత కోయలేదు. అది సంక్రాంతికి ముందు మాట. ఓ పదిహేను రోజులు అటూ ఇటూ అయినా ఈ లెక్కలో కొద్ది నిమిషాలే తేడా వస్తుంది. అదే మే నెలలో అయితే లెక్క మొత్తం తిరగబడుతుంది. మే 9 ప్రాంతంలో, మళ్ళీ ఆగస్టు 3 ప్రాంతంలో మనకు మధ్యాహ్నం నిలువు కర్రకు నీడే ఉండదు. ఆ రెండు తేదీల మధ్య మధ్యాహ్నపు నీడ ఉత్తరానికి కాదు, దక్షిణానికి పడుతుంది. చాలామందికి ఇది తెలియదు. బీటెక్ చదివిన నాకూ తెలియదు.

ఇప్పుడు దిక్కులు. వాస్తు పుణ్యమా అని మన జనానికి ఎనిమిది దిక్కులూ నోటికి వచ్చు. సారు అది వాడుకున్నాడు. "పొద్దుగాల తొమ్మిదైతే డిసెంబర్‌ల సూర్యుడు యాడుంటడు?" ఎవరో తూర్పు అన్నారు. "కాదు. దాదాపు ఆగ్నేయం మూలకుంటడు. నీడ వాయవ్యానికి పడ్తది. ఫోటోల నీడ ఎడమకు పోయింది. ఎడమచెయ్యి వాయవ్యానికి జాపి నిలబడున్రి. మొఖం ఎటుంది?" నలుగురు లేచి చెయ్యి చాపి నిలబడ్డారు. ముఖం ఈశాన్యానికి. అంటే పొద్దున తీస్తే కెమెరా ఈశాన్యం వైపు చూస్తోంది. మధ్యాహ్నం మూడున్నర అయితే సూర్యుడు నైరుతిలో, నీడ ఈశాన్యానికి, కెమెరా ముఖం ఆగ్నేయానికి. రెండిట్లో ఏది?

ఆ ముక్క తేల్చింది ఒక డిష్. ఇంటి కప్పు మీద టీవీ డిష్ ఉందని చెప్పాను కదా, అది. మన దగ్గర డీటీహెచ్ వాళ్ళ ఉపగ్రహాలన్నీ భూమధ్యరేఖ మీద, మనకు తూర్పు వైపు రేఖాంశాల్లో ఉన్నాయి. ఒకటి 83 డిగ్రీల దగ్గర, ఒకటి 95 దగ్గర, ఇంకోటి 108 దగ్గర. అంటే సంగారెడ్డిలో ఏ ఇంటి డిష్ అయినా దక్షిణానికీ తూర్పుకూ మధ్యనే చూస్తుంది. ఉత్తరానికి చూసే డిష్ ఉంటే ఆ ఇంట్లో టీవీ రాదు. సారు మాటల్లో చెప్పాలంటే ప్రతి ఇంటి మీదా గవర్నమెంటు ఫ్రీగా పెట్టిన దిక్సూచి. (గవర్నమెంటు పెట్టలేదు సారూ, నెలనెలా మేమే రీచార్జ్ చేస్తున్నాం అని ఎవరో వెనక నుంచి అన్నారు.) ఫోటోలో డిష్ గిన్నె కుడి వైపుకు తిరిగి ఉంది. కెమెరా ఈశాన్యానికి చూస్తుంటే కుడి చెయ్యి ఆగ్నేయం, సరిపోయింది. కెమెరా ఆగ్నేయానికి చూస్తుంటే మనకు డిష్ వీపు కనిపించాలి. కాబట్టి పొద్దున, తొమ్మిది ప్రాంతం, ముఖం ఈశాన్యం.

ఇంతవరకూ దిక్కు, టైమ్ వచ్చాయి. చోటు రాలేదు.

చోటు కోసం సారు సంచిలోంచి ఒక అట్ట తీశాడు. దాని మీద ఆ ఊరి శాటిలైట్ బొమ్మ, నాలుగు ఏ4 కాగితాలు అతికించి చేసింది. కొన్ని గుండుసూదులు, ఒక దారపు ఉండ. అంతే సామాను. ఇస్రో వాళ్ళ భువన్ ఉంది, గూగుల్ ఎర్త్ ఉంది, నా ల్యాప్‌టాప్ కూడా అక్కడే ఉంది. ఆయనకు అట్టే నచ్చింది, ఎందుకంటే చుట్టూ పదిమంది నిలబడి చూడొచ్చు.

పద్ధతి ఇది. ఫోటోలో ఒక వస్తువు వెనక ఇంకో వస్తువు సరిగ్గా సీదాగా కనిపించాలి. ఇక్కడ రెండో టవర్ కాలికి సరిగ్గా వెనకాల చిమ్నీ ఉంది. అంటే చిమ్నీ, టవర్, కెమెరా, ఈ మూడూ ఒకే గీత మీద ఉన్నాయి. శాటిలైట్ బొమ్మ మీద చిమ్నీ దగ్గర ఒక సూది, టవర్ దగ్గర ఒక సూది గుచ్చి దారం లాగి మన వైపుకు పొడిగిస్తే, కెమెరా ఆ దారం మీద ఎక్కడో ఉంటుంది. ఇంకో జంట దొరికితే ఇంకో దారం. రెండూ కలిసిన చోట కెమెరా. కోణాలు కొలవక్కర్లేదు, ఫోటో జూమ్ చేశారా లేదా అన్నది తెలియక్కర్లేదు. పాతరోజుల్లో ప్లేన్ టేబుల్ మీద ఇదే పని చేసేవాళ్ళమని చెప్పాడు. మూడు కాళ్ళ బల్ల, దాని మీద కాగితం, దూరంగా కనిపించే మూడు గుర్తుల నుంచి మనమెక్కడున్నామో వెనక్కి గీసుకోవడం. తెలంగాణలో పొలాల టిప్పన్లు గొలుసుతో కొలిచి రాసినవి. 33 అడుగుల గొలుసు, దానికి 16 అణాలు. 33 అడుగులు పొడవు, 33 అడుగులు వెడల్పు అయితే ఒక గుంట, 121 చదరపు గజాలు. ప్లేన్ టేబుల్ పని దానికి వేరు, చుట్టూ ఉన్నదంతా చూసి మన జాగా పట్టుకోవడం.

రెండు జాగ్రత్తలు చెప్పాడు, నా అనుభవంలో ఇవి ఇంటర్నెట్‌లో ఈ ఆట ఆడేవాళ్ళు కూడా మర్చిపోయేవి. ఒకటి, శాటిలైట్ బొమ్మలో ఎత్తైనవి ఒక పక్కకు ఒరిగి కనిపిస్తాయి, ఎందుకంటే ఉపగ్రహం సరిగ్గా నెత్తి మీద నుంచి తీయదు. సూది చిమ్నీ కొన దగ్గర గుచ్చకూడదు, పాదం దగ్గర గుచ్చాలి. రెండు, జంటలోని వస్తువులు ఒకదానికొకటి దగ్గరగా, మనకు దూరంగా ఉంటే ఆ దారం నమ్మకూడదు. వాటి మధ్య 100 మీటర్లే ఉండి మనం 500 మీటర్ల దూరంలో ఉంటే, సూది గుచ్చడంలో 2 మీటర్ల తప్పు మన దగ్గరికి వచ్చేసరికి 10 మీటర్లు దాటుతుంది. మన టవర్, చిమ్నీ మధ్య కిలోమీటరు పైనే ఉంది, బాగుంది.

రెండో దారం: నీలం షెడ్డు కుడి మూలకు వెనక నీళ్ళ ట్యాంకు. ఒక కుర్రాడు సూదులు గుచ్చి దారం లాగాడు. రెండు దారాలు ఒకచోట కలిశాయి. జనం చప్పట్లు కొట్టబోయారు. సారు చెయ్యి ఎత్తి ఆపాడు.

"రెండు దారాలు ఎప్పుడైనా కలుస్తయ్. తప్పు జాగల గుచ్చినా కలుస్తయ్. మూడోది లాగున్రి."

మూడోది, ఒంటరి తాటిచెట్టు వెనక గుట్ట మీద రెండు గుండ్ల మధ్య సందు. దారం లాగితే అది మొదటి రెండూ కలిసిన చోటికి రాలేదు. దాదాపు 200 మీటర్ల పక్కగా పోయింది. మూడు దారాల మధ్య ఇంత పెద్ద త్రికోణం ఏర్పడింది. సారు ముఖంలో ఏమీ మారలేదు. త్రికోణం ఎప్పుడూ వస్తుందట, మూడు గీతలు సూదిమొన దగ్గర కలవడం జరగదు. చిన్న త్రికోణం వస్తే చేతి తప్పు, పెద్దది వస్తే గుర్తుపట్టడంలోనే తప్పు. మనం పేరు తప్పు పెట్టిన వస్తువు ఏదో ఒకటి ఉందన్నమాట.

పది నిమిషాలు వెతికారు. దొరికింది. నీళ్ళ ట్యాంకులు రెండున్నాయి. ఒకే డిజైను, ఒకే సైజు, ఒకటి ఊరిది, ఇంకోటి పక్క కాలనీది. కుర్రాడు ఊరి ట్యాంకు దగ్గర సూది గుచ్చాడు. ఒక పెద్దావిడ లేచి, "అరే, ఊరి ట్యాంకుకు నిచ్చెన ఇవతల దిక్కుంటది బిడ్డా, గిండ్ల నిచ్చెన కనబడ్తలేదు గద" అంది. ఫోటో పెద్దది చేస్తే నిజంగానే నిచ్చెన లేదు. సూది మార్చి గుచ్చారు. త్రికోణం ముడుచుకుపోయింది. పదిహేను మీటర్ల పక్కలు, అంతే. ఆ మధ్యాహ్నమే చూసుకుని వచ్చిన టవర్ లైన్ కూడా సరిపోయింది. ఫోటోలో టవర్‌కు వేలాడే పింగాణీ పళ్ళాల దండలో 14 పైచిలుకు లెక్కకు వచ్చాయి, అంటే 220 కేవీ లైన్. 132 అయితే 9, 10 ఉంటాయి, 400 అయితే 20 దాటుతాయి. ఆ ఊరి మీదుగా పోయేది 220దే.

అప్పుడొక సంగతి జరిగింది. త్రికోణం పడిన చోటు ఒక పొలం గట్టు, పక్కనే ఒక బోరు షెడ్డు. చుట్టూ నిలబడ్డవాళ్ళలో నలుగురైదుగురు ఒకేసారి నిశ్శబ్దమైపోయారు. ఆ బోరు ఎవరిదో వాళ్ళందరికీ తెలుసు. పొద్దున తొమ్మిదికి అక్కడ మోటారు వేయడానికి ఎవరొస్తారో తెలుసు.

సారు ఆ మూడు దారాలనూ ఒక్క చేత్తో పట్టి లాగేశాడు. సూదులు ఊడి కింద పడ్డాయి.

"కెమెరా యాడుందో మనకు అక్కర లేదు. ట్యాంకర్ యాడుందో గది జాలు."

తర్వాత నాతో విడిగా అన్నాడు, ఆ పని ముందే ఇంట్లో చేసుకుని రావాల్సిందని. ఫోటో చదవడం వచ్చినవాడికి ఫోటో తీసినవాడు కూడా దొరుకుతాడు. ట్యాంకర్ వాళ్ళ దగ్గర అట్ట, దారం లేవని ఎవరు చెప్పారు? అందుకే నేను ఆ ఫోటో చూపించనన్నది. ఆ గట్టు నుంచి తీసిన నా వీడియో ముక్క కూడా అక్కడే, ఆయన ముందే డిలీట్ చేశాను.

ట్యాంకర్ దగ్గరికి వద్దాం. అసలు గొడవ ఇదే కదా, ఏ ఊరి పొలిమేరలో వదిలారు? నేననుకున్నాను ఇప్పుడు మీటర్లలో ఏదో లెక్క వేస్తాడని. త్రికోణమే పదిహేను మీటర్లుంది, కాలువేమో ఎనిమిది మీటర్లు లేదు. ఆ లెక్కతో ఏ ఊరో ఎలా తేలుతుంది? తేలదు. ఆయన కొలవనే లేదు. కల్వర్టు రెండు గోడలు చూపించాడు. ట్యాంకర్ వెనక చక్రాలు ఇవతలి గోడను ఇంకా దాటలేదు, చక్రమే ఆ గోడ పైభాగానికి అడ్డొచ్చి కనిపిస్తోంది. పైపు కాలువ ఇవతలి ఒడ్డు మీదే వాలి ఉంది. అంటే ట్యాంకర్ కాలువకు ఇటు పక్కే ఉంది, ఇంకా దాటలేదు. ఏది ముందు, ఏది వెనక అన్నది కళ్ళముందే ఉన్నప్పుడు కొలత దేనికి అన్నాడు. కాలువ నడిమధ్య పొలిమేర అని గ్రామపటంలో ఉంది. ఇటు పక్క అంటే మన ఊరే. ఊరివాళ్ళకు అది అంత సంతోషం కలిగించే సమాధానం కాదు, పక్క ఊరిదని తేలుతుందనే చాలామంది ఆశ పెట్టుకున్నారు. ఒకాయన లేచి వెళ్ళిపోయాడు కూడా. కానీ ఇక ఫిర్యాదు ఎక్కడ పెట్టాలో మాత్రం తేలింది.

తర్వాత ఏం పెట్టాలో రాయించాడు. ఆ ఫోటోను పెట్టొద్దు. కల్వర్టు పబ్లిక్ రోడ్డు మీదుంది, అక్కడికి పగటిపూట నలుగురు పోయి కొత్త ఫోటోలు తీయాలి. ఒక ఫోటోలో కల్వర్టు గోడ, పొలిమేర రాయి రెండూ పడాలి. ఇంకోదాంట్లో దగ్గరి టవర్‌కు కట్టిన నంబర్ ప్లేటు. ప్రతి టవర్‌కూ నంబర్ ఉంటుంది, కరెంటు స్తంభానికీ, ట్రాన్స్‌ఫార్మర్‌కూ రాసి ఉంటుంది. ఆఫీసులో కూర్చున్నవాడు ఆ నంబర్ పెట్టి తన రికార్డులోనే చోటు వెతుక్కోగలడు, మన మాట నమ్మక్కర్లేదు. లొకేషన్ అచ్చువేసే జీపీఎస్ కెమెరా యాప్‌లు వాడండి గానీ దాని మీదే ఆధారపడొద్దన్నాడు. ఫోటో మీది అక్షరాలు ఎవరైనా మార్చవచ్చు, వెనకున్న గుట్టను మార్చలేరు. అని, కాసేపు ఆగి, "మార్చలేరనుకుంటున్న. క్వారీలోల్లు గది గూడ మారుస్తున్నరు" అన్నాడు. నిజమే, పాత ఫోటోలకు గుట్ట శిఖరం నమ్మొద్దని, పాదం దగ్గర గీత నమ్మమని ఆయన ముందే చెప్పాడు.

నారు ఎండిన పొలాల సంగతి వేరు. వాటికి సర్వే నంబర్ వారీగా, ఒక్కో పొలం నాలుగు మూలల నుంచి నాలుగు ఫోటోలు, ప్రతిదాంట్లో దూరంగా కనీసం రెండు కదలని గుర్తులు పడేలా తీయమన్నాడు. ఫోటోలు డాక్యుమెంట్‌గా పంపాలి, అసలు ఫైళ్ళు తీసిన ఫోన్‌లోనే ఉంచాలి, ఎవరు తీశారో పంచాయతీ తరఫున రాయాలి, ఒక్కడి పేరు మీద కాదు.

మర్నాడు పొద్దున తొమ్మిదికి ఏడుగురు కల్వర్టు దగ్గరికి వెళ్ళారు. పొలిమేర రాయి తుప్పల్లో సగం పూడిపోయి ఉంది, దాన్ని బయటికి తీయడానికే ముప్పావు గంట పట్టింది. టవర్ నంబర్ ప్లేటు తుప్పు పట్టినా చదవగలిగాం. మొత్తం ముప్పై ఒక్క ఫోటోలు. ఫిర్యాదు కాగితం ఆ పదో తరగతి అమ్మాయే రాసింది, కింద పద్నాలుగు మంది సంతకాలు, రెండు వేలిముద్రలు. ఈ ఎపిసోడ్ రికార్డ్ చేసే రోజుకు రసీదు వచ్చింది, మనిషి ఇంకా రాలేదు.